ధాన్యం సీజన్‌కు ముందు బెల్టుల నిల్వ: మిన్-మ్యాక్స్ పెట్టుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

వానాకాలం వరి కోతలు మొదలై మిల్లులకు ధాన్యం రావడం ఆరంభమయ్యాక, మిల్లు స్పేర్ పార్టుల దుకాణంలో నిల్వ లెక్కలను సరిదిద్దుకునే తీరిక ఎవరికీ ఉండదు. అందువల్ల ఈ పనిని కోతలకు కనీసం మూడు వారాల ముందే ముగించుకోవాలి. ముఖ్యంగా వి-బెల్టులు, ఎలివేటర్ బకెట్లు వంటి సరుకు విషయంలో ఈ తొందర అవసరం. ఇవి రోజూ కొద్దికొద్దిగా అమ్ముడుపోవు. వారం రోజులు ఒక్కటీ కదలదు, ఆ మరునాడు ఒకే మిల్లు పన్నెండో పదహారో పట్టుకుపోతుంది. మనం మాత్రం ఆర్డరు లెక్కను నిలకడగా అమ్ముడయ్యే సరుకు కోసం ఏర్పడిన పద్ధతిలోనే వేస్తుంటాం.

బెల్టుల గిరాకీ ఇలా గుంపులుగా రావడానికి కారణం యంత్రంలోనే ఉంది. ఒక పుల్లీ మీద నాలుగు బెల్టులు తిరుగుతున్నప్పుడు ఒకటి తెగితే, ఆ ఒక్కదాన్నే కొత్తది వేయకూడదు. పాతవి సాగి ఉంటాయి కాబట్టి బరువంతా బిగువుగా ఉన్న కొత్త బెల్టు మీదే పడి, అది త్వరగా పాడవుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ నాలుగింటినీ ఒకేసారి మారుస్తాడు, సీజన్‌కు ముందు మరమ్మతు పెట్టుకున్న యజమాని రెండు మూడు యంత్రాలకు కలిపి కొంటాడు. దీనివల్ల దుకాణదారుకు మరో చిక్కు కూడా వస్తుంది. పదహారు కావాలని వచ్చిన మనిషికి మన దగ్గర పద్నాలుగు ఉన్నాయంటే ప్రయోజనం తక్కువే, ఎందుకంటే రెండు తక్కువైన సెట్టుతో ఆ యంత్రం నడవదు, అతను మొత్తం పదహారూ దొరికే చోటికే వెళతాడు. కాబట్టి ఎన్ని బెల్టులు అమ్మామని కాక, వచ్చినవారిలో ఎందరికి అడిగినదంతా ఇవ్వగలిగామని లెక్క చూసుకోవడం మొదటి జాగ్రత్త.

ఆర్డరు పెట్టే పద్ధతులు రెండున్నాయి. మొదటి పద్ధతిలో నిల్వ ఒక మట్టానికి దిగగానే ప్రతిసారీ ఒకే పరిమాణం, ఉదాహరణకు ఇరవై, తెప్పిస్తాం. ఈ స్థిర పరిమాణాన్ని లెక్కగట్టే సూత్రాన్ని ఫోర్డ్ హారిస్ 1913లో ప్రచురించాడు. ఆ సూత్రం గిరాకీ నిలకడగా ఉంటుందనే ఊహ మీద నిలబడింది. రెండవది మిన్-మ్యాక్స్ పద్ధతి. నిల్వ మిన్‌కు గానీ అంతకంటే కిందికి గానీ దిగినప్పుడు, మ్యాక్స్ వరకు నింపడానికి ఎంత కావాలో అంత తెప్పిస్తాం, అందువల్ల ఆర్డరు పరిమాణం ప్రతిసారీ మారుతుంది. ఆర్డరు పెట్టిన ప్రతిసారీ ఒక స్థిర ఖర్చు ఉండి, నిల్వ ఖర్చూ కొరత నష్టమూ పరిమాణాన్ని బట్టి పెరిగే పరిస్థితిలో ఈ రెండవ పద్ధతే ఉత్తమమని హెర్బర్ట్ స్కార్ఫ్ 1960లో గణితపరంగా నిరూపించాడు.

సరుకు ఒక్కొక్కటిగా అమ్ముడుపోతే ఈ రెండు పద్ధతులకూ తేడా ఉండదు. నిల్వ పదహారుకు దిగినప్పుడల్లా సరిగ్గా పదహారు దగ్గరే పట్టుకుంటాం కనుక, ఇరవై తెప్పించినా ముప్పై ఆరు వరకు నింపినా ఒకటే. గుంపుగా అమ్ముడుపోయే సరుకులో మాత్రం నిల్వ పదహారు దగ్గర ఆగదు, పద్దెనిమిది నుంచి ఒక్క దెబ్బతో ఆరుకు పడిపోతుంది. మట్టానికి కింద ఇలా జారిపోయిన పది బెల్టులను స్థిర పరిమాణ ఆర్డరు గుర్తించదు. మిన్-మ్యాక్స్ ఆర్డరు ఆ పదినీ కలుపుకొని ముప్పై తెప్పిస్తుంది.

ఒక సీజన్ లెక్కను పూర్తిగా వేసి చూద్దాం. బి సెక్షన్‌లో 72 అంగుళాల బెల్టు అనుకుందాం, హైదరాబాద్ నుంచి సరుకు రావడానికి పది రోజులు పడుతుంది. నలభై రోజుల్లో ఆరుగురు వచ్చారు. 3వ రోజు 4, 9వ రోజు 12, 10వ రోజు 4, 19వ రోజు 8, 27వ రోజు 16, 33వ రోజు 4 అడిగారు. మొత్తం 48, అంటే సగటున పది రోజులకు 12. ఈ సగటుకు మరో నాలుగు కలిపి ఆర్డరు మట్టాన్ని 16గా, ఆర్డరు పరిమాణాన్ని 20గా, మొదటి నిల్వను 22గా పెట్టుకున్నామని అనుకుందాం.

స్థిర పరిమాణ పద్ధతిలో 9వ రోజు సాయంత్రానికి 6 మిగులుతాయి, 20 ఆర్డరు పెడతాం. 10వ రోజున 2 మిగులుతాయి. 19వ రోజు ఉదయం 20 వచ్చి 22 అవుతాయి, ఆ రోజు 8 పోగా 14. మళ్లీ 20 ఆర్డరు పెడతాం గానీ అవి 29వ రోజుకు గాని రావు. 27వ రోజున పదహారు కావాలని వచ్చిన మిల్లు యజమాని పద్నాలుగు చూసి వెనుదిరుగుతాడు. అదే మిన్ 16, మ్యాక్స్ 36 పెట్టి ఉంటే, 9వ రోజున 30 ఆర్డరు వెళ్లేది. 19వ రోజు అమ్మకం తర్వాత 24 ఉండేవి, 27వ రోజున పదహారూ ఇచ్చాక ఇంకా 8 మిగిలేవి. రెండు పద్ధతుల్లోనూ ఆర్డర్లు రెండే. సీజన్ చివర మిగిలే నిల్వలో కూడా పెద్ద తేడా లేదు, అక్కడ 30, ఇక్కడ 32. తేడా అంతా తిరిగి వెళ్లిపోయిన ఆ ఒక్క మనిషి దగ్గరే ఉంది.

ఇంతటితో మిన్-మ్యాక్స్ అన్నిటినీ చక్కబెడుతుందని అనుకోవద్దు. పై లెక్కలో 10వ రోజు నుంచి 19వ రోజు వరకు రెండు పద్ధతుల్లోనూ చేతిలో ఉన్నవి రెండే బెల్టులు. ఆ తొమ్మిది రోజుల్లో మరో సెట్టు కోసం ఎవరైనా వచ్చి ఉంటే రెండూ విఫలమయ్యేవి. మిన్‌ను సగటు మీద కట్టడమే ఇక్కడ జరిగిన పొరపాటు. సగటు 12 అనేది ఏ పది రోజుల్లోనూ కచ్చితంగా కనబడాలని లేదు. బిల్లు పుస్తకం దగ్గర పెట్టుకుని, ఒక్కో రోజూ జరుపుతూ వరుసగా పది రోజుల మొత్తాలు తీయండి. ఈ ఉదాహరణలో 19 నుంచి 28 వరకు ఉన్న పది రోజుల్లో 24 పోయాయి, అదే అన్నింటికంటే పెద్దది. దానికి సగటు జారుడును, అంటే ఆర్డరు పెట్టే వేళకు నిల్వ మిన్‌కు కిందికి సగటున ఎంత జారిపోతుందో ఆ అంకెను, కలపాలి. దాన్ని కట్టడం కష్టం కాదు. ఒక్కో అమ్మకం పరిమాణాన్ని వర్గం చేసి అన్నీ కూడితే 512 వస్తుంది, దాన్ని మొత్తం అమ్మకం 48కి రెట్టింపైన 96తో భాగిస్తే సుమారు 5 వస్తుంది. 24కు 5 కలిపితే 29, సెట్టుకు నాలుగు కనుక 28 దగ్గర నిలుపుకోవచ్చు. మిన్ 28, మ్యాక్స్ 48 పెట్టి, నిండు నిల్వతో మొదలుపెట్టి అదే సీజన్‌ను తిరిగి నడిపితే, చేతి నిల్వ ఎప్పుడూ 20 కంటే కిందికి దిగదు. అంటే పదహారు అడిగే మరో మనిషి అనుకోకుండా వచ్చినా ఇవ్వగలం. ఆ ధీమాకు అంత డబ్బు బెల్టుల్లో ఉండిపోతుందన్నది కూడా నిజమే. పెట్టుబడి బిగువుగా ఉన్నవారు మిన్‌ను 24కు తగ్గించుకోవచ్చు గానీ, 16కు మాత్రం తగ్గవద్దు.

లెక్క వేసే ముందు పుస్తకంలో ఒక శుద్ధి చేయాలి. కొత్త మిల్లు బిగించేటప్పుడు ఎవరో ఒకేసారి 60 బెల్టులు తీసుకుని ఉండవచ్చు. అటువంటి ఆర్డరు మళ్లీ రాదు, వచ్చినా ముందుగా చెప్పే వస్తారు. దాన్ని పక్కన పెట్టకపోతే మిన్ అకారణంగా పెరిగిపోతుంది, ఎందుకంటే వర్గం చేసే లెక్కలో పెద్ద అంకె ఒక్కటే మిగతా వాటన్నిటినీ మింగేస్తుంది. ఇలాంటి కొనుగోలుదారుకు షెల్ఫు నుంచి ఇవ్వకుండా, విడిగా తెప్పించి ఇవ్వడం అన్ని విధాలా మేలు.

నేను చూసిన తప్పుల్లో ఎక్కువ నష్టం చేసేది మరొకటి. ఆర్డరు ఎంత పెట్టాలో తేల్చేటప్పుడు షెల్ఫులో కనబడేదాన్ని మాత్రమే లెక్కపెడతారు, దారిలో ఉన్నదాన్ని మరిచిపోతారు. స్థిర పరిమాణంలో ఈ మతిమరుపు వల్ల ఒక ఇరవై అదనంగా వస్తాయి. మిన్-మ్యాక్స్‌లో మాత్రం నిల్వ 2 అని చూసి మ్యాక్స్ వరకు నింపితే, ముందు పెట్టిన 30 దారిలో ఉండగానే మరో 34 బయలుదేరతాయి. అలాగే ఎవరికైనా బయానా తీసుకుని పక్కన పెట్టిన సరుకు షెల్ఫులో కనబడుతున్నా మనది కాదు. కాబట్టి లెక్క ఎప్పుడూ ఇలాగే ఉండాలి.

```
ఆర్డరు = మ్యాక్స్ − (చేతిలో ఉన్నది + దారిలో ఉన్నది − మాట ఇచ్చినది)
```

మిన్‌తో పోల్చవలసినది కూడా బ్రాకెట్లలోని ఈ మొత్తాన్నే. టాలీ వాడేవారు ఇంకో విషయం గమనించాలి. అందులో రీఆర్డర్ లెవల్‌తో పాటు మినిమమ్ ఆర్డర్ క్వాంటిటీ అనే గడి ఉంటుంది. అది మ్యాక్స్ కాదు, తక్కువలో తక్కువ ఎంత తెప్పించాలో చెప్పే అంకె మాత్రమే. అందులో 48 రాసి మిన్-మ్యాక్స్ పెట్టుకున్నామని అనుకుంటే, పెట్టే ఆర్డర్లు అవసరానికి మించిపోతాయి. ఎంత తెప్పించాలన్నది పై లెక్కతో మనమే తేల్చుకోవాలి.

అమ్మకం జరిగిన సాయంత్రమే ఈ పోలిక జరగాలి. వారానికి ఒకసారి ఆదివారం చూసుకునే అలవాటు ఉంటే, సరుకు రావడానికి పట్టే కాలం పది రోజులు కాదు, పదిహేడు వరకు పోతుంది. అప్పుడు మిన్ కోసం తీసే అన్నింటికంటే పెద్ద మొత్తాన్ని కూడా పదిహేడు రోజుల మీదే తీయాలి.

డిస్ట్రిబ్యూటరు విషయం కూడా ముందే మాట్లాడుకోవడం మంచిది. ఈసారి 12, మరోసారి 30 అని మారే ఆర్డర్లు వారికి అంత ఇష్టం ఉండవు, కొన్ని సరుకులు పెట్టె లెక్కన తప్ప ఇవ్వరు. పెట్టెకు పది ఉంటే, 24 కావలసినప్పుడు 30కి పెంచి పెట్టండి, 20కి తగ్గించవద్దు. ఎప్పుడూ ఒకే మోతాదులో కదిలే సరుకుకు, అంటే అన్ని మిల్లులూ క్రమం తప్పకుండా మార్చే షెల్లర్ రబ్బరు రోల్స్ వంటి వాటికి, స్థిర పరిమాణమే నాకు నచ్చుతుంది. అక్కడ జారుడు చిన్నది, బండి నిండుగా వస్తే రవాణా కలిసివస్తుంది, డబ్బు ఎప్పుడు కావాలో ముందే తెలుస్తుంది. గుంపుగా పోయే సరుకుకు కూడా స్థిర పరిమాణమే వాడక తప్పని చోట, ఒక్క ఇరవైతో మిన్ దాటకపోతే నలభై, అరవై పెట్టే నియమాన్ని కాగితం మీద రాసి ఉంచండి.

చివరి జాగ్రత్త సీజన్ ముగింపుకు సంబంధించినది, దీన్ని సీజన్ మొదట్లోనే క్యాలెండరులో రాసుకోవాలి. మ్యాక్స్ తనంతట తాను తగ్గదు. మన మొదటి ఉదాహరణలో 27వ రోజున నిల్వ 8కి దిగినప్పుడు, మ్యాక్స్ 36గానే ఉంటే 28 తెప్పించి, సీజన్ ముగిశాక 32 బెల్టులతో కూర్చుంటాం. అవి యాసంగి ధాన్యం వచ్చే ఏప్రిల్ దాకా కదలవు, ఆ లోపు వేడికి, ఎండకు రబ్బరు గట్టిపడుతుంది. అదే 25వ రోజున మ్యాక్స్‌ను 20కి దించి ఉంటే, ఆ ఆర్డరు 12కే ఆగేది, 33వ రోజు మనిషికి నాలుగు ఇచ్చాక కూడా చివరకు మిగిలేవి 16. మిన్‌ను కూడా అదే రోజు 12కు దించాలి. లేకపోతే మిన్ 16 మ్యాక్స్ 20కి మరీ దగ్గరై, ప్రతి చిన్న అమ్మకానికీ ఒక ఆర్డరు పెట్టవలసి వస్తుంది.