బ్యాంకు లింకేజీ రుణానికి దరఖాస్తు చేసే ముందు మహిళా సంఘం చూసుకోవలసిన జాగ్రత్తలు

ముందుగా సంఘం పుస్తకాలు తెరవండి. సంఘం కనీసం ఆరు నెలలుగా చురుకుగా నడుస్తోందా అన్నది పుస్తకాలను బట్టే లెక్కిస్తారు గానీ, పొదుపు ఖాతా తెరిచిన తేదీని బట్టి కాదు. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వసూళ్లు, సరైన పద్దులు అనే పంచసూత్రాలను గ్రేడింగులో పరిశీలిస్తారు. ఒకే సిరాతో, ఒకే రోజు రాసినట్టు కనిపించే ఆరు నెలల హాజరు పట్టీ అనుమానానికి తావిస్తుంది.

మొదటి విడత మొత్తాన్ని మీరే లెక్కగట్టుకోండి. పది మంది నెలకు 200 రూపాయల చొప్పున ఎనిమిది నెలలు పొదుపు చేస్తే మూలనిధి 16,000 అవుతుంది. దానికి ఆరు రెట్లు 96,000. ఆరు రెట్లు లేదా 1.5 లక్షలు, ఏది ఎక్కువైతే అది అన్నది జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నియమం కనుక ఈ సంఘం 1.5 లక్షలకు అడగవచ్చు. పది లక్షల వరకు రుణానికి పూచీకత్తు అక్కర్లేదు, పొదుపు ఖాతాను స్తంభింపజేయకూడదు.

తీర్మానంలో ఎవరికెంత ఇస్తున్నారో రాసి అందరూ సంతకం చేయండి. 24 నెలల్లో తీర్చాలంటే అసలు మాత్రమే నెలకు 6,250, వడ్డీ అదనం. సభ్యులు కట్టిన వాయిదా నాయకురాలి చేతిలోనే ఆగిపోవడం మనం తరచూ చూసే పొరపాటు. అందుకే ప్రతి సమావేశంలో రుణ ఖాతా పాస్‌బుక్కును బిగ్గరగా చదివించండి. డబ్బు పొరపాటున పొదుపు ఖాతాలో పడితే వాయిదా బకాయిగానే మిగిలిపోవచ్చు.