మూడు నెలలు, మూడు లక్షలు: ఎం.వి.పి. కట్టే ముందు జాగ్రత్తలు

చేతిలో మూడు లక్షలు పెట్టుకుని, మూడు నెలల్లో ఏదో ఒకటి మార్కెట్లోకి తేవాలనుకునేవాళ్లు ముందుగా ఫీచర్ల లిస్టు రాసుకుంటారు. లిస్టు పక్కన పెట్టి క్యాలెండర్ తీయండి. ఎం.వి.పి. అంటే అసలు పని జరగడానికి కావాల్సినంత మాత్రమే ఉన్న మొదటి వెర్షన్. మొదటి వెర్షన్‌లో ఏముండాలి, ఏముండకూడదు అనేది చాలావరకు తేదీలే తేల్చేస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళ్దాం. మన ఊళ్లలో 20 లీటర్ల నీళ్ల క్యాన్లు వేసే వాటర్ ప్లాంట్లు తెలుసుగా. విజయవాడలో అలాంటి ప్లాంట్ల ఓనర్ల కోసం ఒక సాఫ్ట్‌వేర్ చేద్దామనుకున్నారనుకోండి. మీ లిస్టులో కస్టమర్‌కి ఒక యాప్, డెలివరీ కుర్రాడికి ఒక యాప్, ఓనర్‌కి డాష్‌బోర్డు, మ్యాపులో రూటు, ఆన్‌లైన్ పేమెంట్, రిఫరల్ ఆఫర్లు అన్నీ ఉన్నాయి. ఒక్కోటి విడిగా చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. మూడు నెలల్లో అన్నీ మొదలవుతాయి, ఏదీ పూర్తి కాదు.

ముందుగా చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఈ వ్యాపారంలో లెక్కంతా నెలవారీ. ఓనర్ నెల చివర బిల్లు వేస్తాడు, తర్వాతి వారంలో వసూలు చేస్తాడు. మీ సాఫ్ట్‌వేర్‌కి అతను ఒక నెల డబ్బు ఇచ్చాడంటే మొహమాటానికి కూడా ఇచ్చి ఉండొచ్చు. రెండో నెల కూడా ఇస్తే అప్పుడు అది నిజంగా పనికొస్తోందని అర్థం. అంటే మీ మూడు నెలల్లో మీ వస్తువు రెండు నెలాఖరులు చూడాలి.

జూన్ 1న మొదలుపెట్టారనుకుందాం. ఆగస్టు 31 రెండో నెలాఖరు కావాలంటే జులై 31 మొదటిది కావాలి. జులై 31న బిల్లులు సరిగ్గా రావాలంటే జులై 25కల్లా వస్తువు ఓనర్ చేతిలో ఉండాలి, దానికి ముందు ఒక అయిదు రోజులు సరిచూసుకోవడానికి ఉంచుకోవాలి. జూన్ మొదటి రెండు వారాలు ప్లాంట్ల చుట్టూ తిరగడానికి పోతాయి. మూడు నెలలు అనుకున్న చోట కట్టడానికి మిగిలింది జూన్ 15 నుంచి జులై 20 దాకా, అంటే అయిదు వారాలు. మీ లిస్టుని మూడు నెలలతో కాకుండా ఈ అయిదు వారాలతో పోల్చి చూసుకోండి.

మీ వ్యాపారం వేరేదైతే నెలాఖరు బదులు ఇంకోటి ఉంటుంది. ట్యూషన్ సెంటర్‌కి ఫీజు టర్ము, పౌల్ట్రీకి ఒక బ్యాచ్, టెంట్ హౌస్‌కి పెళ్లిళ్ల ముహూర్తాలు. ఆ చక్రం మూడు నెలల్లో రెండుసార్లు తిరగకపోతే, తిరిగే చిన్న పనిని ఎంచుకోండి. నీళ్ల క్యాన్ల వాళ్లతో ఇంకో సంగతి ఉంది. ఏప్రిల్, మే నెలల్లో వాళ్లకి మాట్లాడే తీరికే ఉండదు. ఎండాకాలం వెళ్లాక వెళితే కూర్చోబెట్టి పుస్తకం చూపిస్తారు.

రెండు రోజులు ట్రాలీ ఆటో ఎక్కండి

ఇది దాటేసి నేరుగా డెవలపర్ దగ్గరికి వెళ్లడమే అన్నిటికంటే పెద్ద ఖర్చు. పొద్దున్న ఆరింటికి ప్లాంటు దగ్గరికి వెళ్లి డెలివరీ కుర్రాడితో పాటు ఆటో ఎక్కండి. అతను ఒక క్యాన్ భుజాన పెట్టుకుని రెండో అంతస్తు ఎక్కుతాడు. ఖాళీ క్యాన్ రెండు వేళ్లతో పట్టుకుని దిగుతాడు. చేతులు తడి, చొక్కా తడి, ఫోను ప్యాంటు జేబులో. ఆ ఇంట్లో ఫ్రిజ్ పక్కన వేలాడే కార్డు మీద ఇంటావిడ ఒక గీత పెడుతుంది. కుర్రాడు ఆటోలో ఉన్న పుస్తకంలో ఇంకో గీత పెడతాడు, కొన్నిసార్లు నాలుగిళ్లు తిరిగాక గుర్తు తెచ్చుకుని ఒకేసారి పెడతాడు. నెలాఖరు గొడవంతా ఈ రెండు గీతల తేడా నుంచే వస్తుంది.

ఇది కళ్లారా చూస్తే డెలివరీ యాప్ మీ లిస్టులోంచి దానంతట అదే పోతుంది. తడి చేత్తో అతను ఇంటింటికీ యాప్ తెరవడు. మొదటి వెర్షన్‌లో అతని పుస్తకం అతని దగ్గరే ఉండనివ్వండి. సాయంత్రం ఆ పేజీని ఫోటో తీసి మీకు వాట్సాప్ చేస్తాడు, మీరే కూర్చుని ఎక్కిస్తారు. ఒక ప్లాంటుకి 180 ఇళ్లున్నా రోజూ అందరికీ క్యాన్ పడదు కాబట్టి రోజుకు గంట పని. అయిదు ప్లాంట్లు దాటితే ఇలా నడవదని తెలుసు. ఈ మూడు నెలల్లో మూడు ప్లాంట్లు చాలు.

ఒక్క వాక్యం రాసుకోండి, దాని మీద సంతకం పెట్టించండి

పరిధిని ఇలా ఒక వాక్యంలో పెట్టండి: నెలాఖరున ఓనర్ ఒక్కో ఇంటికి ఎన్ని క్యాన్లు వెళ్లాయో, ఎన్ని ఖాళీలు తిరిగి రావాలో, ఎంత బాకీ ఉందో ఒకచోట చూసి, ఆ బిల్లుని కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపి, వచ్చిన డబ్బు జమ వేసుకోవాలి. డెవలపర్‌తో రాసుకునే అగ్రిమెంటులో "వాటర్ ప్లాంట్ అప్లికేషన్" అని రాయొద్దు, ఈ వాక్యం రాయండి. ప్రతి ఫీచర్‌నీ ఒకే ప్రశ్న అడగండి. ఇది లేకపోతే ఈ నెల బిల్లు ఆగుతుందా? మ్యాపు లేకపోతే ఆగదు. రిఫరల్ లేకపోతే ఆగదు. కస్టమర్ యాప్ లేకపోయినా ఆగదు, ఎందుకంటే కస్టమర్లు ఇప్పటికే ఓనర్ నంబరుకి ఫోన్ చేసే క్యాన్ తెప్పించుకుంటున్నారు.

పేమెంట్ దగ్గర కొంచెం ఆగాలి. పేమెంట్ గేట్‌వే పెడితే కేవైసీ, కాగితాలు, వాళ్ల పరిశీలన అంటూ మీ చేతిలో లేని రోజులు వచ్చి చేరతాయి. పైగా ఓనర్ డబ్బు మీ ఖాతా గుండా వెళ్లే ఏర్పాటు చేస్తే ఆ బాధ్యత వేరే స్థాయిది. డబ్బు నేరుగా ఓనర్ యూపీఐకి వెళ్లేలా చూడండి. బిల్లు పేజీలో ఒక బటన్ కింద ఇలాంటి లింకు చాలు:

```
upi://pay?pa=ownerid@bank&pn=Plant&am=375&cu=INR
```

25 రూపాయల చొప్పున 15 క్యాన్లు, 375 రూపాయలు. ఈ లింకుని వాట్సాప్ మెసేజ్‌లో నేరుగా అతికిస్తే నొక్కడానికి వీలుండదు, అందుకే బిల్లు పేజీ లింకు పంపి బటన్ ఆ పేజీలో పెట్టాలి. ఓనర్‌ది మామూలు సేవింగ్స్ ఖాతా ఐడీ అయితే కొన్ని యాప్‌లు ఇలాంటి లింకు నుంచి వచ్చిన చెల్లింపుని ఆపేస్తాయి. మొదటి వారంలోనే అసలు ఓనర్ ఐడీతో ఒక రూపాయి పంపి చూడండి. కుదరకపోతే బిల్లు మీద అతని యూపీఐ నంబరు రాసేయండి, పని జరుగుతుంది. డబ్బు పడిందని మీ సాఫ్ట్‌వేర్‌కి దానంతట అది తెలియదు, ఓనరే జమ నొక్కాలి. ఈ లోటు అతనికి ముందే చెప్పండి.

ప్లే స్టోర్ యాప్ కూడా ఇలాంటిదే. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ డెవలపర్ ఖాతా అయితే, కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టులో ఉన్నాకే యాప్‌ని అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోనిస్తారు. అయిదు వారాల్లో రెండు వారాలు అక్కడికే పోతాయి. ఫోను బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పేజీకి ఈ బెడద లేదు. ఓటీపీ లాగిన్‌కి ఎస్సెమ్మెస్ కావాలి, దానికి ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో సంస్థనీ, హెడర్‌నీ, మెసేజ్ టెంప్లేట్‌నీ ముందే రిజిస్టర్ చేయించాలి. ముగ్గురు ఓనర్లకి మీరే పాస్‌వర్డ్ పెట్టి ఇస్తే సరిపోతుంది.

తీసేయకూడనివి తీసేయొద్దు

చిన్నదిగా చేయాలన్న ఊపులో కొందరు అసలు ఎముకే కోసేస్తారు. అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయేది పాత బాకీ. జులై 1న మీరు లెక్క మొదలుపెట్టే సమయానికి 180 ఇళ్లలో చాలా ఇళ్లకి జూన్ బాకీ, మే బాకీ, తిరిగి రాని ఖాళీ క్యాన్లు ఉంటాయి. అవి ఎక్కించకపోతే జులై 31న వచ్చే ప్రతి బిల్లూ తప్పే. ఓనర్ పక్కన కూర్చుని ఇల్లిల్లూ అడిగి రాసుకోవాలి, దానికి రెండు మూడు రోజులు కేటాయించండి. సాఫ్ట్‌వేర్ అప్పటికి సిద్ధంగా ఉండదు కాబట్టి గూగుల్ షీట్‌లో పెట్టండి, జులై రోజువారీ లెక్క కూడా అందులోనే రాయండి. వస్తువు తయారయ్యాక ఆ షీటునే అందులోకి ఎక్కించొచ్చు.

రెండోది దిద్దుబాటు. "మా ఇంటికి పన్నెండే వేశారు" అని ఫోన్ వస్తుంది. అంకె మార్చే వీలుండాలి, ఎవరు ఎప్పుడు మార్చారో కనపడాలి. మూడోది బ్యాకప్. రోజూ రాత్రి డేటా కాపీ ఇంకో చోటికి వెళ్లాలి. ఒక్కసారి లెక్క పోతే ఆ ఓనర్ మళ్లీ మీ మొహం చూడడు, పక్క ప్లాంటు వాళ్లకి కూడా చెప్తాడు.

సరిచూసుకోవడానికి ఉంచుకున్న అయిదు రోజుల్లో ఒకే పని చేయండి. పాత జూన్ పుస్తకాన్ని మొత్తం ఎక్కించి, మీ బిల్లులూ ఓనర్ వేసిన బిల్లులూ పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన ప్రతి ఇంటి దగ్గరా తప్పు మీదో పుస్తకానిదో తేల్చండి. అక్కడే మీకు తెలియని నియమాలు బయటపడతాయి. ఒక ఇంటికి రేటు తక్కువ, ఒక ఆఫీసుకి రెండు నెలలకోసారి బిల్లు, ఓనర్ గారి బావగారికి అసలు బిల్లే లేదు.

డబ్బు

మూడు లక్షల్లో మీ తిండీ అద్దే నెలకు 25 వేల చొప్పున 75 వేలు. దీన్ని లెక్కలో వేసుకోకపోవడం వల్లే చాలామందికి రెండో నెలలోనే టెన్షన్ మొదలవుతుంది. డెవలపర్‌కి లక్షా 20 వేలు, డొమైన్, సర్వర్, తిరుగుడు ఖర్చులకి 15 వేలు. మిగిలిన 90 వేలు జులై 31 దాకా ముట్టుకోవద్దు. మొదటి బిల్లులు వెళ్లాక ఏం మార్చాలో తెలుస్తుంది, ఆ మార్పులకే అది.

నేను ఒకసారి ఒక ఏజెన్సీకి మొత్తంలో ఎక్కువ భాగం అడ్వాన్సుగా ఇచ్చాను. పది స్క్రీన్లు చూపించారు, ఏ ఒక్క పనీ చివరిదాకా జరగలేదు. సర్వర్, డొమైన్ వాళ్ల పేరు మీదే ఉండేసరికి బయటికి రావడానికి కూడా డబ్బు కట్టాల్సి వచ్చింది. అందుకే కోడ్ రిపాజిటరీ, డొమైన్, సర్వర్ మొదటి రోజు నుంచీ మీ ఖాతాలో ఉండాలి. చెల్లింపులు స్క్రీన్లు పూర్తయినప్పుడు కాకుండా పని పూర్తయినప్పుడు ఇవ్వండి: ఒక ఇంటికి క్యాన్ ఎక్కించి, బిల్లు పంపి, జమ వేసి చూపిస్తే మొదటి వాయిదా. 180 ఇళ్లకి జూన్ లెక్క సరిపోతే రెండోది.

దారి తప్పుతున్నామని ఎలా తెలుస్తుంది

ఓనర్ "చాలా బాగుంది బాబూ" అంటాడు కానీ పుస్తకం ఇవ్వడు. అంటే అతనికి ఇది అక్కర్లేదు, ఇంకో ప్లాంటుకి వెళ్లండి. ఇంకొకాయన "రూటు మ్యాపు కూడా ఉంటే తీసుకుంటా" అంటాడు. మ్యాపు కట్టకండి, దానికి అడ్వాన్సు అడగండి. ఇస్తే రాసి పెట్టుకోండి, సెప్టెంబరులో చూడొచ్చు. చాలామంది ఇవ్వరు.

జులైలో ఓనర్ మీ లెక్కతో పాటు తన పుస్తకం కూడా రాసుకుంటాడు. అది మామూలే, రాయనివ్వండి. ఆగస్టు 10న ప్లాంటుకి వెళ్లి ఆ పుస్తకం తెరిచి చూడండి. ఆగస్టు పేజీలు ఖాళీగా ఉంటే ఆ 90 వేలలో మార్పులకి పోగా మిగిలింది నాలుగో ప్లాంటు కోసం తీయొచ్చు. పేజీలు నిండి ఉంటే కొత్తగా ఏమీ కట్టించకుండా, ఏ గడి కోసం అతను ఇంకా పెన్ను పడుతున్నాడో పక్కన కూర్చుని చూడండి.