వచన కవితను ఎలా చదవాలి? పంక్తి విరిగిన చోట ఆగి చూడండి

నెల్లూరు తిక్కన ఊరు. పద్యం వింటూ పెరిగిన చెవికి గణాలు, యతిప్రాసలే నడక నేర్పుతాయి. అదే నెల్లూరిలో పుట్టిన పఠాభి 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో ఆ కొలతలను కావాలనే తెంచారు. కొలత లేని కవితలో ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చెప్పేది పంక్తి, దాని చుట్టూ వదిలిన ఖాళీ. వాటిని చదవడం ఎలాగో చూపడానికి ఈ చిన్న కవిత రాశాను.

కనిగిరి దగ్గర చేలో బోరు వేశారు
వెయ్యి
అడుగులు

దుమ్ము

నాన్న ఇంకా ఆ గొట్టం మీదికి వంగి ఎక్కడో నీళ్లు కదులుతున్నాయని వింటూనే ఉన్నాడు

అమ్మ మెడలో
        పసుపు తాడు

మొదట, పంక్తులు కవి విరిచినవేనా అని చూసుకోండి. నాన్న గురించిన పంక్తి మీ ఫోనులో రెండు మూడు ముక్కలుగా కనిపిస్తుంటే అది తెర ఇరుకు వల్లనే. ఫోనును అడ్డంగా తిప్పండి. అప్పుడు కలిసిపోయే విరుపులను లెక్కలోకి తీసుకోవద్దు. పత్రికల సన్నని కాలమ్‌లలోనూ ఇదే చిక్కు వస్తుంది.

తర్వాత పైకి చదవండి. పంక్తి చివర కొద్దిగా, ఖాళీ వరుస దగ్గర ఇంకాస్త ఎక్కువగా ఆగండి. మామూలు మాటల్లో ‘వెయ్యడుగులు’ అని సంధి చేసి ఒక్క ఊపులో అనేస్తాం. ఇక్కడ పంక్తి విరిగింది కాబట్టి ఆ సంధి కుదరదు. ‘వెయ్యి’ అని ఆగిన క్షణంలో అవి రూపాయలో అడుగులో తెలియదు. ఆ సందిగ్ధంలో డబ్బు, లోతు రెండూ ఉన్నాయి. సంధి కలిపి చదివితే రెండింటిలో ఒకటి పోతుంది.

‘దుమ్ము’కు పైనా కిందా ఖాళీ ఉంది. నీళ్లు పడలేదన్న వాక్యం కవితలో ఎక్కడా లేదు, ఆ ఖాళీలోనే తెలుస్తుంది. ఆ వెంటనే వచ్చే పొడవైన పంక్తిని మధ్యలో ఊపిరి తీసుకోకుండా చదవండి. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, ‘వింటూనే ఉన్నాడు’ దాకా వాక్యం తెమలదు. నాన్న లేవలేకపోవడం ఆ పొడవులో ఉంది.

చివరి ముక్కకు క్రియే లేదు. దాన్ని ‘ఉంది’ అని పూర్తి చేయడానికి తొందరపడవద్దు. బంగారు గొలుసు ఏమైందని అడగండి. తాకట్టులో ఉందో, అమ్మేశారో కవిత చెప్పదు. ‘పసుపు తాడు’ ముందున్న జాగా గొలుసు ఉండాల్సిన చోటు. ఈ కవితలో నాకు ముఖ్యమైనది అదే.

విరుపు మీద అనుమానం వస్తే ఆ పంక్తులను కాగితం మీద కలిపి రాయండి. ‘వెయ్యి అడుగులు’ కలిపితే ఏం పోతుందో చూశాం. కలిపినా ఏమీ పోకపోతే ఆ విరుపుకు లేని అర్థం అంటగట్టకండి. మంచి కవితల్లోనూ అలాంటివి కొన్ని ఉంటాయి.