ముహూర్తాల సీజన్‌కు ముందు: కెమెరా, ఫోన్ ఫుటేజ్ ఒకే రంగులో కలవాలంటే

ముహూర్తాలు మొదలైతే ఒక్కో రోజు రెండు పెళ్లిళ్లు ఒప్పుకోవాల్సి వస్తుంది. మెయిన్ కెమెరా ఒకటే ఉంటుంది, రెండో యాంగిల్‌కు ఫోన్ స్టాండ్ మీద పెట్టేస్తారు. ఇప్పటి ఫోన్లలో వీడియో బాగానే వస్తుంది కాబట్టి షూట్ రోజు ఎవరికీ ఏ అనుమానమూ రాదు. ఎడిట్‌లో రెండు క్లిప్పులు పక్కపక్కన పడ్డాక తెలుస్తుంది: కెమెరాలో పెళ్లికూతురి చీర ఎరుపు, ఫోన్‌లో అదే చీర నారింజ. కెమెరాలో ముఖం సహజంగా ఉంది, ఫోన్‌లో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

రెండు కెమెరాల మధ్య తేడా ఉండటం పెద్ద సమస్య కాదు. తేడా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే ఒక్క క్లిప్ సరిచేసి మిగతా వాటికి అదే గ్రేడ్ అంటించేయొచ్చు. అసలు తలనొప్పి ఆ తేడా క్షణక్షణం మారిపోవడం. ఫోన్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే జరిగేది అదే. అందుకే ఈ జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఫోన్ నోరు కట్టేయడం గురించే.

అడ్డుతెర దగ్గర ఏం జరుగుతుందంటే

జీలకర్ర బెల్లానికి ముందు వధూవరుల మధ్య తెర పట్టుకుంటారు. తెల్లని గుడ్డ, మధ్యలో కుంకుమతో స్వస్తిక్. ఫోన్ ఫ్రేమ్‌లో సగం ఆ తెలుపే కనపడగానే ఆటో ఎక్స్‌పోజర్ వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గించేస్తుంది. ముఖాలు నల్లబడతాయి. తెర దించిన మరుక్షణం మళ్లీ పెంచడం మొదలుపెడుతుంది. అది కుదురుకునేలోపు వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ మొదటి చూపు అయిపోతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ కూడా తక్కువదేమీ కాదు. వెనక మండపమంతా బంతిపూలుంటే ఆ పసుపును తగ్గించాలని మొత్తం ఫ్రేమ్‌ను నీలం వైపు లాగుతుంది. పురోహితుడు అడ్డొచ్చి పూలు కనపడకపోతే మళ్లీ వెనక్కి వస్తుంది. ఒకే క్లిప్‌లో నాలుగు రంగులు. దీన్ని ఎడిట్‌లో కలపాలంటే కీఫ్రేములు వేసుకుంటూ కూర్చోవాలి, అయినా పూర్తిగా కలవదు.

కాబట్టి ఫోన్‌లో షటర్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్, ఫోకస్, లెన్స్ ఈ ఐదూ లాక్ అవ్వాలి. ఉచితంగా దొరికే Blackmagic Camera యాప్‌లో ఇవన్నీ చేత్తో పెట్టుకోవచ్చు. ఐఫోన్‌కూ ఉంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఉంది. మీ ఫోన్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే అదైనా సరే. లెన్స్ మాత్రం మెయిన్ లెన్స్‌కే కట్టేయండి. అల్ట్రావైడ్‌కు మారితే రంగూ మారుతుంది, రాత్రి హాల్లో గ్రెయిన్ కూడా పెరుగుతుంది.

ఐఫోన్ మామూలు కెమెరా యాప్‌తోనే తీయాల్సి వస్తే Settings > Camera > Record Video లోకి వెళ్లి HDR Video ఆపేయండి. అక్కడే Show PAL Formats ఆన్ చేస్తే 25 ఎఫ్‌పీఎస్ కనిపిస్తుంది. Lock White Balance ఉంటే అదీ ఆన్ చేయండి. ఎక్స్‌పోజర్ కోసం స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే AE/AF Lock పడుతుంది. ఇది చేత్తో సెట్ చేసుకున్నంత గట్టిది కాదు గానీ అడ్డుతెర దగ్గర ఆదుకుంటుంది.

షటర్ విషయంలో ఒక మాట. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షటర్ 1/50 లేదా 1/100 పెడితే ఆ మిణుకు కనపడదు. 30 ఎఫ్‌పీఎస్‌కు అలవాటుగా 1/60 పెడితే ఫ్రేమ్‌లో చారలు పాకుతాయి. రెండింటిలోనూ 25 ఎఫ్‌పీఎస్, 1/50 పెట్టుకోవడం నయం. డెకరేషన్ పిక్సెల్ లైట్లు, ఎల్‌ఈడీ స్క్రీన్లు మాత్రం ఈ లెక్కకు లొంగకపోవచ్చు. ముందే పది సెకన్లు తీసి చూసుకోవాల్సిందే.

ఒకే నంబర్ పెడితే చాలదు

చాలామంది పొరపడేది ఇక్కడే. కెమెరాలో 4500 కెల్విన్ పెట్టాం, ఫోన్‌లోనూ 4500 పెట్టాం, ఇక కలిసిపోతాయి అనుకుంటారు. కలవవు. ఒక్కో కంపెనీ సెన్సర్ రంగును ఒక్కోలా అర్థం చేసుకుంటుంది. ఒకటి ఆకుపచ్చ వైపు, ఇంకొకటి గులాబీ వైపు మొగ్గుతుంది. ఐఎస్ఓ కూడా అంతే: ఫోన్‌లో 400, కెమెరాలో 400 అంటే ఒకే వెలుతురు రాదు. నంబర్లు లాక్ చేయడానికి పనికొస్తాయి, కలపడానికి ఏ రంగు వైపూ మొగ్గని బూడిద రంగు అట్ట, అంటే గ్రే కార్డ్ కావాలి.

ముహూర్తానికి గంట ముందు, మండపం లైట్లన్నీ వెలిగాక, పెళ్లికూతురు కూర్చునే పీట దగ్గర ఎవరినైనా గ్రే కార్డ్ పట్టుకోమనండి. కెమెరా, ఫోన్ రెండూ పక్కపక్కన నిలబెట్టి పది సెకన్లు రికార్డ్ చేయండి. ఆ తర్వాతే ఎవరి చోటికి వాళ్లు. కార్డ్ పట్టుకున్న మనిషి ముఖం కూడా ఫ్రేమ్‌లో ఉంటే తర్వాత చర్మం రంగు పోల్చుకోవడానికి పనికొస్తుంది. లైట్లు మారిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. ముఖ్యంగా తెల్లవారుజాము ముహూర్తాల్లో: తాళి కట్టేటప్పుడు హాలంతా లైట్ల పసుపే, తలంబ్రాలకు వచ్చేసరికి కిటికీల్లోంచి నీలం వెలుతురు దిగుతుంది.

ఎడిట్‌లో ఆ పది సెకన్లు ఎలా వాడాలో చూద్దాం. కెమెరా స్టాండర్డ్ ప్రొఫైల్‌లో, ఫోన్ హెచ్‌డీఆర్ లేకుండా తీశారనుకుందాం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో, మూడు రంగుల స్థాయినీ విడివిడిగా చూపించే పరేడ్ స్కోప్ తెరవండి. కెమెరా క్లిప్‌లో గ్రే కార్డ్ దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 45 శాతం దగ్గర ఉన్నాయి. ఫోన్ క్లిప్‌లో ఎరుపు 55, ఆకుపచ్చ 52, నీలం 44. అంటే ఫోన్ వెలుతురూ ఎక్కువే, పసుపూ ఎక్కువే. గెయిన్‌లో ఎరుపు 0.82, ఆకుపచ్చ 0.87, నీలం 1.02 చేస్తే మూడూ 45కి వచ్చేస్తాయి. చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంటుంది.

ఇప్పుడు పెళ్లికొడుకు కట్టుకున్న మధుపర్కాలు చూడండి. ఫోన్‌లో ఆ తెల్లబట్ట 100 తగిలి తెగిపోయి ఉంటే, అదే గెయిన్ వల్ల ఎరుపు 82కి, ఆకుపచ్చ 87కి దిగి, నీలం పైనే ఉండిపోతుంది. తెల్లపంచె నీలంగా మారుతుంది. కార్డ్ సరిపోయింది, బట్ట చెడింది. తెగిపోయిన తెలుపులో సమాచారం ఉండదు కాబట్టి ఎడిట్‌లో దీనికి సరైన మందు లేదు. మందు షూట్ రోజే ఉంది: ఫోన్ యాప్‌లో, వెలుతురు ఎక్కువైన చోట చారలు చూపించే జీబ్రాను 90 దగ్గర పెట్టుకుని, తెల్లబట్ట మీద చారలు కనపడకుండా పోయేదాకా ఐఎస్ఓ తగ్గించండి. ఫోన్ కాస్త చీకటిగా ఉన్నా కొంతవరకు ఎత్తుకోవచ్చు, తెగిన తెలుపును తిరిగి తెచ్చుకోలేం.

తెలుపు, గ్రే కుదిరాక నలుపు. ఫోన్లు నీడలను ఎత్తి చూపిస్తాయి. పెళ్లికూతురి జడ కెమెరాలో 4 శాతం దగ్గర ఉంటే ఫోన్‌లో 12 దగ్గర ఉండొచ్చు. లిఫ్ట్‌తో దాన్ని కిందికి దించండి, దించాక గ్రే కొద్దిగా జారుతుంది కాబట్టి గెయిన్ మళ్లీ ఓసారి చూసుకోండి. ఆ తర్వాత సాచురేషన్. ఈ వరుస మార్చొద్దు: వెలుతురు కలవకుండా రంగులు పోలిస్తే కన్ను మోసపోతుంది.

చివరగా చర్మం. రంగు ఏ దిశలో ఉందో చూపించే వెక్టర్‌స్కోప్‌లో స్కిన్ టోన్ గీత ఆన్ చేసి, ముఖం మీద చిన్న విండో వేసి చూడండి. చామనఛాయ అయినా, తెలుపైనా, నలుపైనా చర్మం దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. మారేది వెలుతురు శాతం, రంగు దిశ కాదు. కాబట్టి ఫోన్ ముఖాన్ని తెల్లగా చూపిస్తుంటే ఆ తెలుపుకు కెమెరాను ఎత్తకండి. మనిషి అసలు ఛాయ ఉన్నచోటికి ఫోన్‌ను దించండి. ఇంటివాళ్లు వీడియో చూసేటప్పుడు మొదట వెతికేది తమ అమ్మాయి తమ అమ్మాయిలా ఉందా అనే.

ఫోన్ ఫుటేజ్ ఇంకా విడిగా కనపడుతుంటే అది రంగు వల్ల కాకపోవచ్చు, ఫోన్ వేసే అతి షార్ప్‌నెస్ వల్ల కావచ్చు. Midtone Detail కాస్త మైనస్‌లోకి తీసుకెళ్తే జరీ అంచుల దగ్గర ఆ కరుకు తగ్గుతుంది.

ఎడిట్‌లో కుదరనివి

ఊదా, గులాబీ ఎల్‌ఈడీ లైట్లు ముఖం మీద పడితే ఒక చానల్ నిండిపోయి మిగతావి ఖాళీ అవుతాయి. రెండు సెన్సర్లూ దాన్ని రెండు రకాలుగా పాడుచేస్తాయి, ఏ గ్రేడూ కలపలేదు. డెకరేషన్ వాళ్లను ముందే అడగాలి: "అన్నా, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఆ కలర్ లైట్లు మండపం మీద పడకుండా తిప్పుతావా?" మర్యాదగా, ముందుగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ముహూర్తం మధ్యలో అరిస్తే ఎవరూ వినరు.

ఎర్రపట్టు కూడా కొంచెం మొండిదే. Hue vs Hue లో ఎరుపు ఒక్కటే జరపొచ్చు గానీ చర్మం కూడా ఆ పక్కనే ఉంటుంది, ఎక్కువ జరిపితే పెదవులు, బుగ్గలు పాడవుతాయి. ముఖం కాపాడుకుని చీరలో కొద్ది తేడా వదిలేయడమే మంచిది. ఆ తేడా తెలియకుండా ఉండాలంటే ఫోన్‌ను వైడ్ షాట్‌కే పెట్టండి. దూరం నుంచి మండపమంతా కనపడే ఫ్రేమ్‌లో చీర చిన్నదిగా ఉంటుంది. అదే ముఖాన్ని రెండింటిలోనూ క్లోజప్ తీసి పక్కపక్కన కట్ చేస్తే ఎంత కలిపినా అతుకు కనపడుతుంది.

బంధువుల ఐఫోన్ క్లిప్పులు తీసుకుంటే వాట్సాప్‌లో వీడియోగా పంపించుకోకండి, నొక్కేసి పంపుతుంది. ఒరిజినల్ ఫైల్‌ను ఎయిర్‌డ్రాప్‌తోనో కేబుల్‌తోనో తీసుకోండి. అవి చాలావరకు హెచ్‌డీఆర్‌లోనే ఉంటాయి, మామూలు టైమ్‌లైన్‌లో వేస్తే వెలిసిపోయినట్టో, మండిపోతున్నట్టో కనపడతాయి. గెయిన్ తిప్పే ముందు Color Space Transform వేసి Input Color Space దగ్గర Rec.2020, Input Gamma దగ్గర Rec.2100 HLG, Output దగ్గర Rec.709, Gamma 2.4 ఇవ్వండి. ఆటోలో తీసినవి కాబట్టి వాటికి క్లిప్‌కో గ్రేడ్ తప్పదు. ఒక్కో క్లిప్‌కు ఎంత సమయం పడుతుందో చూసుకుని, ఎన్ని వాడాలో ఇంటివాళ్లకు ముందే చెప్పేయండి.