ఆలస్యం మీద ఒక్క స్టార్ రివ్యూ: జవాబు ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిచేయాలి

దమ్ బిర్యానీ రెస్టారెంట్ నడిపేవాళ్లకి గూగుల్‌లో ఇలాంటి రివ్యూ ఎప్పుడో ఒకసారి తప్పదు. ఉదాహరణకి ఇది చూడండి:

"ఆదివారం మధ్యాహ్నం నలుగురం వెళ్లాం. మటన్ బిర్యానీకి 55 నిమిషాలు కూర్చోబెట్టారు. మా తర్వాత వచ్చిన పక్క టేబుల్ వాళ్లు తినేసి వెళ్లిపోయారు. అడిగిన ప్రతిసారీ 'రెండు నిమిషాలు సార్' అనడమే. పిల్లలు ఏడుపు. వరస్ట్ సర్వీస్, ఎవరూ వెళ్లకండి."

దీనికి ఓనర్ రాసే జవాబు సాధారణంగా రెండు రకాలుగా చెడుతుంది. ముందు ఏ రకమో గుర్తుపట్టాలి.

సమస్య 1: జవాబు పెట్టాక రివ్యూ రాసినాయన దాన్ని ఎడిట్ చేసి ఇంకో నాలుగు లైన్లు కోపంగా చేర్చారు

పెట్టిన జవాబు దాదాపు ఇలా ఉంటుంది: "ఆదివారం రష్ ఉంటుందని అందరికీ తెలుసు. దమ్ బిర్యానీకి టైమ్ పడుతుంది. రోజూ ఎంతోమంది సంతోషంగా తిని వెళ్తున్నారు. మీరు కొంచెం ఓపిక పట్టి ఉంటే బాగుండేది."

కారణం: ఇందులో ఒక్క అబద్ధం లేదు, కానీ ప్రతి వాక్యం తప్పుని కస్టమర్ మీదకే నెడుతోంది. పైగా ఆదివారం రష్ ఉంటుందని ఆయన కంటే ముందు తెలియాల్సింది మనకే. చదివే మూడో మనిషికి, అంటే వచ్చే ఆదివారం ఎక్కడ తినాలా అని వెతుకుతున్నవాళ్లకి, "ఇక్కడికి వెళ్తే మనకీ ఇదే జవాబు" అని అర్థమవుతుంది. నిజానికి ఆ జవాబు చదివేది ఎక్కువగా వాళ్లే.

పరిష్కారం: రాసే ముందు అసలు ఏం జరిగిందో తెలుసుకోండి. దీనికి కాస్త పని ఉంది. బిల్లింగ్ సిస్టమ్‌లో ఆ రోజు కేఓటీలు, అంటే వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీలు, తీయండి. కేఓటీ మీద ఆర్డర్ కొట్టిన టైమ్ ఉంటుంది, బిల్లు మీద బిల్లు తీసిన టైమ్ ఉంటుంది. కానీ ప్లేటు టేబుల్ మీదకి ఎప్పుడు వచ్చిందో ఆ రెండిటిలోనూ ఉండదు. దానికి సీసీ కెమెరానే దిక్కు. హార్డ్ డిస్క్ నిండితే పాత వీడియో మీదే కొత్తది రికార్డ్ అయిపోతుంది కాబట్టి రివ్యూ చూసిన రోజే చూసేయండి.

మన ఉదాహరణలో ఇలా తేలిందనుకుందాం. కేఓటీ 1:20కి పడింది. కెమెరాలో బిర్యానీ వచ్చింది 2:12కి. మొదటి మటన్ హండీలో మిగిలిన ప్లేట్లు ఆ మధ్యలో యాప్ ఆర్డర్లకి పార్సిల్ వెళ్లిపోయాయి. రెండో హండీ అప్పుడే దమ్ మీద పెట్టారు. పచ్చి మాంసంతో వేసిన కచ్చి బిర్యానీ కాబట్టి, మూతకి పిండి అంటించాక ముప్పావు గంట దాకా తీయడానికి లేదు. పక్క టేబుల్ వాళ్లు తిన్నది చికెన్ బిర్యానీ, అది వేరే హండీ. అంటే వంటవాళ్లు నెమ్మదిగా చేయలేదు. 1:20కి ఆర్డర్ తీసుకున్న కెప్టెన్‌కి మటన్ అయిపోవచ్చిందని వంటగది నుంచి ఎవరూ చెప్పలేదు. అందుకే అతను చెప్పగలిగిందల్లా "రెండు నిమిషాలు సార్" ఒక్కటే.

ఆయన 55 అన్నారు, కెమెరా 52 అంటోంది. ఆ మూడు నిమిషాల గురించి ఒక్క ముక్క కూడా రాయకండి. ఆకలితో ఉన్న పిల్లల్ని పక్కన పెట్టుకున్న మనిషి వాచీ లెక్క అంతకంటే దగ్గరగా ఉండదు.

ఇప్పుడు జవాబు:

"నమస్తే అండి. పిల్లలతో వచ్చి అంతసేపు ఎదురుచూడాల్సి వచ్చినందుకు క్షమించండి. ఆ రోజు రికార్డు చూశాం, మీరు రాసింది నిజమే. మటన్ హండీ అయిపోయి తర్వాతది దమ్‌లో ఉంది. పక్క టేబుల్‌కి వెళ్లింది చికెన్. ఈ సంగతి ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పి ఉంటే వేరేది తీసుకోవాలో వద్దో మీరే నిర్ణయించుకునేవారు. చెప్పకపోవడం మా తప్పు. ఇకనుంచి హండీ సగానికి రాగానే వంటగది నుంచి కెప్టెన్లకి చెప్తారు, ఎంతసేపు పడుతుందో ఆర్డర్‌కి ముందే మీకు చెప్తాం. వీలైతే రెస్టారెంట్ నంబర్‌కి ఫోన్ చేసి ఓనర్‌తో మాట్లాడాలని చెప్పండి, నేనే మాట్లాడతాను."

కారణం ఇందులోనూ ఉంది, కానీ క్షమాపణ తర్వాత వచ్చింది, రెండు చిన్న వాక్యాల్లో అయిపోయింది. "వరస్ట్" అన్న మాటకి జవాబు లేదు, అక్కర్లేదు కూడా. ప్రొఫైల్ పేరు చూసి ఆయనో ఆవిడో తేల్చుకోలేకపోతే సార్, మేడమ్ జోలికి పోకుండా "అండి" అంటే సరిపోతుంది. రివ్యూ ఇంగ్లీషులో ఉంటే జవాబు ఇంగ్లీషులో ఇవ్వండి.

సమస్య 2: జవాబు మర్యాదగానే ఉంది, కానీ ఎవరూ నమ్మడం లేదు

గుర్తు: తర్వాత వచ్చే రివ్యూల్లో "ఓనర్ అందరికీ ఒకటే మెసేజ్ పెడతాడు" అని కనిపిస్తుంది.

కారణం: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ అభిప్రాయం మాకు విలువైనది." రైలు లేటని స్టేషన్ మైకులో వినీ వినీ ఈ మాట మీద జనానికి నమ్మకం పోయింది. వరసగా పది రివ్యూల కింద అదే ఉంటే, ఒక్కటి కూడా ఓనర్ చదవలేదనే అనుకుంటారు.

పరిష్కారం: ఆ రివ్యూలో తప్ప ఇంకెక్కడా లేని ఒక వివరం జవాబులో ఉండాలి. మటన్, పిల్లలు, పక్క టేబుల్, ఏదో ఒకటి. అలాగే మార్చిన పని ఒకటి చెప్పాలి, అది నిజంగా మార్చి ఉండాలి. "సిబ్బందికి ట్రైనింగ్ ఇస్తున్నాం" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "హండీ సగానికి రాగానే చెప్తారు" అంటే అర్థమవుతుంది, పైగా వచ్చే ఆదివారం ఎవరైనా పరీక్షించొచ్చు కూడా. ఆ భయం ఉంటే రాయకముందే వంటగదిలో చెప్పి వస్తాం.

రికార్డు వేరేలా చెప్తే

కొన్నిసార్లు కేఓటీ, కెమెరా చూస్తే 18 నిమిషాల్లోనే వచ్చేసి ఉంటుంది. లేదా ఆ రోజు అలాంటి టేబులే దొరకదు. అప్పుడు "మీరు అబద్ధం చెప్తున్నారు" అనకండి, సీసీ కెమెరా ఫోటో పెట్టకండి, బిల్లు నంబరు, ఫోన్ నంబరు అసలే వద్దు. "మీరు చెప్పిన రోజు, టైమ్ మా రికార్డుతో కలవడం లేదండి. ఏ బ్రాంచ్, ఎన్ని గంటలకి అనేది ఫోన్‌లో చెప్తే చూస్తాం" అంటే చాలు. నిజంగా వచ్చినవాళ్లయితే చెప్తారు. బ్రాంచ్ పొరపాటు కూడా మామూలే.

గూగుల్‌కి రిపోర్ట్ చేయొచ్చు, కానీ ఓనర్‌కి నచ్చలేదనో, జరిగింది వేరనో తీసేయరు. బూతులు, రెస్టారెంట్‌తో సంబంధం లేని విషయం, పోటీదారు రాయించిన నకిలీ రివ్యూ లాంటి నియమాల ఉల్లంఘన ఉంటేనే తీస్తారు.

"మళ్లీ రండి, బిర్యానీ ఫ్రీ, రివ్యూ మార్చండి" అనేది మంచి మనసుతో చేసినా ఇబ్బందే. రివ్యూ మార్చడానికో తీసేయడానికో ఏదైనా ఇవ్వజూపడం గూగుల్ నియమాలకి విరుద్ధం. అందరికీ కనిపించేలా రాస్తే, గట్టిగా తిడితే ఫ్రీ ప్లేటు వస్తుందని ఊరంతటికీ చెప్పినట్టే. ఫోన్ చేస్తే మాట్లాడండి, బిల్లు వెనక్కి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, స్టార్ల ప్రస్తావన మాత్రం తేకండి.

జవాబు కోపంగా ఉన్న గంటలో కాకుండా, ఒకటి రెండు రోజుల్లోపు పెట్టండి. ముందే పెట్టేసి ఉంటే కంగారు లేదు. ఓనర్ జవాబుని ఎప్పుడైనా ఎడిట్ చేయొచ్చు. పాతది తీసేసి పైన చెప్పినట్టు తిరగరాయండి. ఆయన మళ్లీ ఏదైనా చేరిస్తే రెండో జవాబుకి చోటు ఉండదు, ఉన్నదాన్నే మార్చాలి. కొత్త విషయం ఉంటేనే మార్చండి. కేవలం కోపమే అయితే వదిలేయండి.