ముస్లిం కుటుంబాల్లో తండ్రి లేని మనవలకు తాత ఆస్తిలో వాటా దక్కాలంటే ఏం చేయాలి?

పాతబస్తీ ఇళ్ల పత్రాలు చాలాకాలంగా చూస్తున్నాను. తాత పోయాక అడగడానికి వచ్చే కుటుంబాలే ఎక్కువ. అప్పటికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. తాత బతికుండగా, ఆరోగ్యంగా ఉండగా చేసుకోవాల్సిన పని ఇది. ఇక్కడ రాసేది హైదరాబాద్‌లో ఎక్కువ మంది ముస్లింలు పాటించే సున్నీ హనఫీ పద్ధతి. షియా కుటుంబాల్లో వసియత్, అంటే వీలునామా, నియమాలు కొంత వేరు.

ముందు లెక్క వేయండి. యాకుత్‌పురాలో ఒక తాత ఉన్నాడనుకుందాం. అప్పులు పోగా ఇల్లు, బ్యాంకు డబ్బు కలిపి 72 లక్షలు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్ద కొడుకు తాత కంటే ముందే చనిపోయాడు. ఆ కొడుక్కి 19 ఏళ్ల అబ్బాయి, 15 ఏళ్ల అమ్మాయి ఉన్నారు. తాత ఏమీ రాయకుండా పోతే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 9 లక్షలు. మిగతా 63 లక్షల్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుక్కి 42, కూతురికి 21. మనవలిద్దరికీ సున్నా.

ఎందుకంటే వారసత్వం తాత చనిపోయిన క్షణానే పుడుతుంది. ఆ క్షణంలో బతికున్న కొడుకు ఒక్కడున్నా మనవల్ని పక్కకు నెడతాడు, దగ్గరివాడు దూరపువాణ్ణి ఆపుతాడు. చనిపోయిన తండ్రి స్థానంలో పిల్లలు నిలబడే పద్ధతి ఇందులో లేదు. అదే కొడుకు తాత పోయిన గంట తర్వాత పోయి ఉంటే అతని వాటా పిల్లలకు దిగేది. పాకిస్తాన్‌లో 1961లో చట్టం చేసి మనవలకు తండ్రి వాటా ఇచ్చారు. యూట్యూబ్‌లో అది విని ఇక్కడా అంతే అనుకుంటారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. పెద్ద కొడుకు సొంత పేరు మీద ఉన్న ఆస్తి మాత్రం వేరు. అందులో పిల్లలకు హక్కు ఉంది, దాన్ని తాత ఆస్తిలో కలిపేయకండి.

చిన్న కొడుకు చేత 'పిల్లల్ని నేను చూసుకుంటాను' అని కాగితం రాయించుకుని నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తాత బతికుండగా ఆ కొడుక్కి ఇంకా ఏ హక్కూ రాలేదు. రాని హక్కును వదులుకున్నట్టు రాసిన కాగితం మామూలుగా నిలబడదు.

దారులు రెండు. మొదటిది వసియత్. అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీశాక మిగిలిన దాంట్లో మూడో వంతు వరకు, వారసులు కాని వాళ్లకు ఎవరి అనుమతీ లేకుండా రాయొచ్చు. బాబాయి బతికున్నంత కాలం ఈ మనవలు వారసులు కారు కాబట్టి వాళ్లకు రాయొచ్చు. మన లెక్కలో అది 24 లక్షలు. తండ్రి బతికుంటే అతనికి వచ్చేది 25 లక్షల 20 వేలు, అంటే మూడో వంతు రాస్తే దాదాపు తండ్రి వాటా పిల్లలకు చేరినట్టే. ఇద్దరికీ చెరి సగం అని రాయండి, వసియత్‌లో అబ్బాయికి రెండు పాళ్లు అన్న నియమం లేదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ చేయించండి. మూడో వంతు దాటిన భాగానికి వారసులు తాత పోయాక ఒప్పుకోవాలి. ఆయన బతికుండగా సాక్షిగా పెట్టిన సంతకం ఒప్పుకోలు కాదు. ఒకవేళ చిన్న కొడుకు కూడా ముందే పోతే మనవలు వారసులవుతారు, అప్పుడు ఆ వసియత్ మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. కాబట్టి ఇంట్లో చావు జరిగిన ప్రతిసారీ తీసి చూడాలి.

రెండోది హిబా, అంటే బతికుండగానే ఇచ్చేసే దానం. వేరు చేసి ఇవ్వగల పోర్షన్ ఉన్న ఇల్లయితే నేను హిబానే చేయమంటాను. వసియత్ కాగితం బయటికొచ్చేసరికి రాసినాయన ఉండడు. సంతకం ఆయనది కాదని ఎవరైనా అంటే చెప్పేవాడుండడు. హిబాలో తాత నలుగురి ముందు నిలబడి ఇస్తాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇస్తే మూడో వంతు పరిమితి కూడా లేదు. చావు భయం పట్టుకున్న జబ్బులో ఇచ్చి ఆ జబ్బుతోనే పోతే మాత్రం వసియత్‌కున్న పరిమితే వస్తుంది.

హిబాకు మూడు కావాలి: ఇస్తున్నానని తాత చెప్పడం, మనవడు తీసుకోవడం, స్వాధీనం ఇవ్వడం. మొదటి రెండూ ఒక పూటలో అయిపోతాయి. చెడేదంతా మూడో దగ్గరే. రిజిస్టర్ అయిన కాగితం చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. మామూలు కాగితం మీద రాసి రిజిస్టర్ చేయించకపోయినా మూడూ జరిగి ఉంటే హిబా చెల్లుతుందని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అలాగని స్వాధీనం లేని హిబాను ఎంత పెద్ద రిజిస్ట్రేషనూ బతికించలేదు. రేపు బ్యాంకూ కొనేవాళ్లూ అడుగుతారు కాబట్టి రిజిస్ట్రేషన్ చేయించండి, కానీ దాన్నే నమ్ముకోకండి.

మన తాత మొదటి అంతస్తులో కిరాయికిచ్చిన రెండు పోర్షన్లు ఇద్దామనుకుంటున్నాడు. ఇద్దరికీ కలిపి 'మొదటి అంతస్తు' అని రాస్తే విభజించగల ఆస్తిని విభజించకుండా ఇచ్చారన్న అభ్యంతరం వస్తుంది. ఎడమ పోర్షన్ అబ్బాయికి, కుడి పోర్షన్ అమ్మాయికి అని హద్దులు, గదులు, మీటరు నంబరు వేరువేరుగా రాయండి. రెండు పత్రాలైతే ఇంకా మంచిది.

అబ్బాయికి 18 దాటాయి కాబట్టి నిజంగా అప్పగించాలి. కిరాయిదారుకు తాత ఉత్తరం రాసి వచ్చే నెల నుంచి కిరాయి మనవడికి ఇవ్వమనాలి, కిరాయిదారు దాని మీద సంతకం పెట్టాలి. కిరాయి మనవడి ఖాతాలో పడాలి. ఆస్తి పన్ను, కరెంటు బిల్లు పేరు మార్పుకు అదే వారం దరఖాస్తు పెట్టాలి, పాత పత్రాలు అతని చేతికివ్వాలి. హిబా రాశాక కూడా తాత తన ఖాతాలోనే కిరాయి వేయించుకుంటూ పోతే రేపు బాబాయి లాయరు మొదట అడిగేది ఆ బ్యాంకు స్టేట్‌మెంటే.

అమ్మాయి మైనర్. తండ్రి లేనప్పుడు తండ్రి తండ్రే ఆమె ఆస్తికి సంరక్షకుడు. ఇచ్చేవాడూ సంరక్షకుడూ ఒకరే కాబట్టి వేరే అప్పగింత అక్కర్లేదు, ఇచ్చే ఉద్దేశం స్పష్టంగా ఉంటే చాలు. ఇకనుంచి సంరక్షకుడిగా ఆమె కోసం ఉంచుకుంటున్నానని పత్రంలో రాయండి, కిరాయి ఆమె పేరున ఖాతాలో వేయండి. తల్లి తరఫు తాతకు ఈ వెసులుబాటు లేదు.

ఇంకొకటి. దస్తావేజు రాసేవాళ్ల దగ్గర సెటిల్‌మెంట్ నమూనా సిద్ధంగా ఉంటుంది, అందులో 'నా జీవితకాలం నేను అనుభవించి, నా తదనంతరం నా మనవడికి చెందవలెను' అన్న వాక్యం ఉంటుంది. హిందూ కుటుంబాలకు పనికొచ్చే ఆ వాక్యం హిబాను చంపేస్తుంది. తర్వాతెప్పుడో ఇస్తానన్నది హిబా కాదు. 'ఈ రోజే ఇచ్చాను, స్వాధీనం అప్పగించాను' అని ఉండాలి. సంతకానికి ముందు ఆ ఒక్క వాక్యం కోసం పత్రమంతా చదవండి.

హిబా పూర్తయ్యాక మనవల నుంచి వెనక్కి తీసుకోవడం కుదరదు, రక్తసంబంధం దానికి అడ్డు. వసియత్ అయితే చివరి రోజు వరకు మార్చుకోవచ్చు. తాతకు ఆ కిరాయే బతుకుదెరువైతే హిబా వద్దు. ఆయన చేత మూడో వంతుకు వసియత్ రాయించి, అసలు పత్రం బాబాయి ఇంట్లో కాకుండా మనవల తల్లి దగ్గర పెట్టండి.