వడ్డీ లెక్కలు, 3వ పాఠం: ‘మూడు రూపాయలు’ అంటే ఏడాదికి ఎంత?

ముందు పోయిన పాఠం లెక్కకు జవాబు. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు 25 పైసలు, అంటే ఏడాదికి 3 రూపాయలు, 3 శాతం. ముప్పావలా అయితే 9 శాతం, రూపాయి అయితే 12. నెల వడ్డీని పన్నెండుతో గుణిస్తే ఏడాది వడ్డీ వస్తుందని అక్కడ చెప్పుకున్నాం. ఈ పాఠంలో ఆ మాటను కొంచెం సరిదిద్దుకోవాలి. పన్నెండుతో గుణించడం తప్పు కాదు కానీ, డబ్బు ఎప్పుడు చేతులు మారుతుందో ఆ లెక్కకు తెలియదు.

మా వీధి చివర టిఫిన్ బండి పెట్టుకున్న ఒకావిడ ఉంది. కొత్త గ్రైండరు, బండికి రేకు కప్పు కోసం లక్ష రూపాయలు అప్పు అడిగింది. “నీకు ఎక్కువ ఏముందమ్మా, మూడు రూపాయలే వేసుకుంటా” అన్నాడు అప్పిచ్చే ఆయన. నూటికి మూడు, లక్షకు మూడు వేలు. పన్నెండు నెలలకు 36 వేలు, అంటే 36 శాతం. బజార్లో అందరూ ఇక్కడితో ఆగిపోతారు.

ఇప్పుడు ఆవిడ ప్రతి నెలా మూడు వేలు వడ్డీ కట్టి, అసలు లక్ష ఏడాది చివర ఇచ్చేస్తుందనుకుందాం. మొదటి నెల కట్టిన మూడు వేలు ఏడాది నిండడానికి పదకొండు నెలల ముందే ఆవిడ చేయి దాటిపోయాయి. ఆయన వాటిని అదే మూడు రూపాయలకు ఇంకొకరికి తిప్పుతాడు. ఆవిడకేమో ఆ డబ్బు పిండికీ నూనెకీ అక్కరకు రాకుండా పోయింది. అందుకే ఏడాది చివర ఒక్కసారిగా 36 వేలు కట్టడమూ, నెలనెలా మూడు వేలు కట్టడమూ ఒకటి కావు. అప్పులను పక్కపక్కన పెట్టి పోల్చాలంటే, నెలనెలా పోయిన వడ్డీకి కూడా అదే రేటున వడ్డీ వేసి చూడాలి. అలా వచ్చేదే అసలైన వార్షిక రేటు.

దీనికి మామూలు ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు. ఒక నెలకు నూరు 103 అవుతుంది, అంటే 1.03. దాన్ని మూడుసార్లు గుణిస్తే మూడు నెలలకు 1.0927. దాన్ని దానితోనే గుణిస్తే ఆరు నెలలకు 1.194. మళ్లీ దానితోనే గుణిస్తే ఏడాదికి 1.4258. అందులోంచి 1 తీసేస్తే 42.6 శాతం. ఫోన్ అడ్డంగా తిప్పితే ఘాతం మీట కనిపిస్తుంది, దానితో ఒక్కసారే కొట్టొచ్చు:

```
1.03^12 - 1
```

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు 1.03 బదులు 0.03 కొట్టడం. జవాబు మైనస్ 1కి దగ్గరగా వచ్చిందంటే అదే జరిగిందన్నమాట. రెండు రూపాయలకు ఇదే లెక్క 26.8 శాతం ఇస్తుంది. అయిదు రూపాయలకు 79.6. రేటు పెరిగేకొద్దీ పన్నెండుతో గుణించిన లెక్కకూ దీనికీ మధ్య దూరం బాగా పెరుగుతుంది.

అప్పిచ్చే ఆయన లక్ష లెక్కపెట్టి, అందులోంచి ఆరు అయిదువందల నోట్లు తీసి జేబులో పెట్టుకుని “మొదటి నెల వడ్డీ” అంటే? ప్రోనోటులో రాసింది లక్ష, చేతికొచ్చింది 97 వేలు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: లెక్క ఎప్పుడూ చేతికొచ్చిన డబ్బు మీదే మొదలవ్వాలి, నోటు మీద రాసిన దాని మీద కాదు. ప్రతి నెలా వడ్డీ ముందే కడుతూ పోతే నెల రేటు 3ని 97తో భాగించినంత, అంటే 3.09. ఏడాదికి 44.1 శాతం.

దీనికి ఎదురు దిశలో పోయే అప్పు కూడా ఉంది. పల్లెల్లో చాలా నోట్లు నెలనెలా వడ్డీ కట్టేవి కావు. పంట వచ్చాక చూసుకుందామని వదిలేస్తారు. నోటుకు కాలదోషం పట్టేది మూడేళ్లకు కాబట్టి, ఆ లోపు వెనక చెల్లు రాయించుకోవడమో, నోటు తిరగరాయించుకోవడమో చేస్తారు. మూడేళ్లు బారువడ్డీ అయితే లక్ష మీద 1,08,000 వడ్డీ, మొత్తం 2,08,000. ఇప్పుడు 2.08కి ఘనమూలం తీయాలి:

```
2.08^(1/3) - 1
```

వచ్చేది 27.7 శాతమే. అదే మూడు రూపాయలు! కట్టడం ఆలస్యమైన కొద్దీ బారువడ్డీ అప్పు చవకవుతుంది. మరి అప్పిచ్చేవాళ్లు అమాయకులా? కాదు, ఆ కిటుకు తిరగరాయడంలో ఉంది. కొత్త నోటులో అసలు 2,08,000 అవుతుంది, నెల వడ్డీ మూడు వేల నుంచి 6,240కి ఎగబాకుతుంది. రేటు మాత్రం మూడు రూపాయలే అంటారు.

మళ్లీ టిఫిన్ బండి దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఆవిడకు నిజంగా కుదిరిన బేరం ఇవేవీ కావు. పది నెలలు, నెలకు 13 వేలు కిస్తీ. లక్షకు పది నెలల వడ్డీ 30 వేలు, మొత్తం 1,30,000, పదితో భాగిస్తే 13 వేలు. వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఒక్కో కిస్తీలో పది వేలు అసలు తిరిగిపోతోంది, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే పడుతోంది. పదో నెలలో ఆవిడ దగ్గర మిగిలిన అసలు పది వేలు, దానికి కడుతున్న వడ్డీ మూడు వేలు. ఆ నెల వరకు చూస్తే అది ముప్ఫై రూపాయల వడ్డీ.

నోటిలెక్కతో ఒక అంచనా వేయొచ్చు. మొదటి నెల లక్ష, చివరి నెల పది వేలు, సగటున 55 వేల అసలు ఆవిడ దగ్గర ఉంది. 55 వేలకు నెలకు మూడు వేలంటే దాదాపు అయిదున్నర రూపాయలు. ఇది కొంచెం ఎక్కువ చూపిస్తుంది. నిజమైన రేటు ప్రకారం లెక్కిస్తే మొదటి కిస్తీల్లో వడ్డీ భాగమే ఎక్కువ, అసలు మెల్లగా తగ్గుతుంది కాబట్టి సగటు 55 వేల కంటే పైన ఉంటుంది. కచ్చితంగా కావాలంటే ఫోన్లో షీట్ తెరిచి ఇలా రాయండి:

```
=RATE(10,-13000,100000)
```

మొదటి అంకె కిస్తీల సంఖ్య, రెండోది కిస్తీ, మూడోది చేతికొచ్చిన డబ్బు. కిస్తీ మన చేతిలోంచి పోతోంది కాబట్టి దాని ముందు మైనస్ ఉండాలి, మర్చిపోతే తప్పు చూపిస్తుంది. కొన్నిచోట్ల గడిలో ఉత్త 5% అని కనిపిస్తుంది. దశాంశ స్థానాలు పెంచితే 5.08 అని తెలుస్తుంది. దీన్ని ఏడాదికి మార్చాలంటే:

```
=(1+RATE(10,-13000,100000))^12-1
```

జవాబు సుమారు 81 శాతం.

ఇది కాగితం మీద చూపిస్తే ఆవిడ చాలాసేపు 81 అంకె వైపు చూసి, “మరి ఆయన మూడనే కదా అన్నాడు” అంది. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. మూడు దేని మీద, ఎన్నాళ్లు అన్నది ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

వచ్చే పాఠానికి లెక్క: పది వేలకు నోటు, చేతికి తొమ్మిది వేలు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. ఇక్కడ RATE ఇచ్చేది రోజు రేటు, నెలది కాదు. దాన్ని ఏడాదికి మార్చడానికి ఘాతంగా ఏ అంకె వేయాలో ముందు తేల్చుకోండి.